ఆటోమేషన్ వచ్చినా నిలబడే స్కిల్స్: ఎస్సే ముందుకు కదలట్లేదు, కాస్త చెప్పండి

ఫైనల్‌ఇయర్_సీఎస్ఈ: పొద్దుట్నుంచీ దీని మీదే కూర్చున్నా. పైథాన్, క్లౌడ్, డేటా సైన్స్, కమ్యూనికేషన్ అని వరసగా రాశా. మేడమ్ చూసి "ఇది ఎస్సేనా, కోచింగ్ సెంటర్ బోర్డా" అని వెనక్కిచ్చేశారు. ఏం మార్చాలో మాత్రం చెప్పలేదు. ఇంతకీ ఏ స్కిల్స్ రాయాలి? అర్జెంట్.

చిన్నకోడు: ఇచ్చిన ప్రశ్న ఉన్నదున్నట్టు పెట్టు.

అమీర్‌పేట_రూట్: తమ్ముడూ, మాన్యువల్ టెస్టింగ్ పనైపోయింది. సెలీనియం నేర్చుకో, ఆటోమేషన్ అంటే అదే. మా చెల్లిది సివిల్, తను కూడా ఇటు మారొచ్చంటారా?

ఫైనల్‌ఇయర్_సీఎస్ఈ: అన్నా, నాకు కావాల్సింది కోర్సు కాదు, ఎస్సే.

టెస్టర్_అక్క: స్కిల్స్ జాబితా పక్కన పెట్టు. ఒక్క పని తీసుకుని అందులో మెషీన్ చేసేదెంత, మనిషికి మిగిలేదెంత అని విడదీసి చూపించు. టెస్టింగే తీసుకుందాం. షాపు రూలు: బిల్లు 1000 రూపాయలు, ఆపైన ఉంటే 10 శాతం తగ్గింపు. రాసిన కోడ్ ఇదీ:

```python
def discount(total):
    if total > 1000:
        return total * 0.10
    return 0
```

రూలు చెప్పకుండా ఈ కోడ్ ఒక్కటే ఇచ్చి టెస్టులు రాయమంటే, ఏఐ టూల్ ఇలాంటివి ఇస్తుంది:

```python
assert discount(1500) == 150
assert discount(1000) == 0
assert discount(500) == 0
```

మూడూ పాసవుతాయి. కానీ రెండోది తప్పు, 1000 బిల్లుకి 100 తగ్గాలి. కోడ్‌లో ఉన్న తప్పునే టెస్టు కూడా ఒప్పని రాసుకుంది. టైపింగ్ మెషీన్‌కి పోయింది. 1000 దగ్గర జవాబు ఎంత రావాలో రూలు చదివి చెప్పే పని పోలేదు. నీ ఎస్సేకి ఆ స్కిల్ చాలు.

జావా_జగ్గు: కవరేజ్ చూస్తే దొరికిపోతుందిగా. 100 శాతం లేకపోతే మా టీంలో మెర్జే చేయనివ్వరు.

టెస్టర్_అక్క: పై మూడు టెస్టులకీ కవరేజ్ 100 శాతమే. ప్రతి లైనూ నడిచిందా అన్నదే అది చెప్తుంది, వచ్చిన జవాబు సరైనదా అన్నది దానికి తెలీదు. టెస్టులు గట్టివో కావో చూడాలంటే కోడ్‌ని `>=` అని సరిచేసి, రెండో టెస్టులో 0 తీసి 100 పెట్టి, తర్వాత కావాలనే మళ్ళీ `>` చేసి నడపాలి. 1000 టెస్టు ఫెయిలవ్వాలి. 1500, 500 మాత్రమే ఉంటే ఏదీ ఫెయిలవదు. ఇలా కోడ్‌ని చెడగొట్టి చూసే పని కూడా mutmut లాంటి టూల్ చేసేస్తుంది. అది కూడా ఎస్సేలో రాయి, దాచకు. 100 అన్న అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

పైసా_పక్కా: అసలు డబ్బు లెక్కకి ఫ్లోట్ ఎవరు వాడమన్నారండీ? పైథాన్‌లో `0.1 + 0.2` కొట్టి చూడండి, `0.30000000000000004` వస్తుంది. పైసల్లోకి మార్చి ఇంటిజర్ పెట్టాలి, లేదా `Decimal`. ఇది రాని వాడికి ఇంకే స్కిల్ ఉన్నా దండగే.

టెస్టర్_అక్క: నిజమే, కానీ అది వేరే గొడవ. ఇక్కడ అంతకన్నా పెద్ద సందు ఒకటుంది. ఆ 1000 జీఎస్టీకి ముందా, తర్వాతా? 950 బిల్లుకి 18 శాతం కలిపితే 1121. ఒక లెక్కలో తగ్గింపు లేదు, ఇంకో లెక్కలో ఉంది. ఇది కోడ్‌లో లేదు, రూలులోనూ లేదు. షాపువాణ్ణి అడిగి తేల్చుకోవాల్సిందే.

అమీర్‌పేట_రూట్: మీరు చెప్పేది ఏఐ. ఆటోమేషన్ వేరు. జాబ్ నోటిఫికేషన్లలో ఆటోమేషన్ టెస్టర్ అంటే సెలీనియమే.

జావా_జగ్గు: ఎస్సే రాసేది నోటిఫికేషన్ కోసం కాదు బ్రదర్. 2004లో సెలీనియం వచ్చింది బటన్లు నొక్కే పని తీసేయడానికి. ఇప్పుడు ఆ స్క్రిప్టు రాసే పని కూడా పోతోంది. రెండూ ఒకటే కథ.

అమీర్‌పేట_రూట్: ఒకటే ఎలా అవుతుంది? స్క్రీన్ మారి స్క్రిప్టు విరిగితే బాగుచేసేది ఎవరు?

ఫైనల్‌ఇయర్_సీఎస్ఈ: ప్రశ్న ఇప్పుడు చూశా. "ఏదైనా ఒక ఉద్యోగాన్ని ఉదాహరణగా తీసుకుని, 800 పదాల్లో" అని ఉంది.

చిన్నకోడు: ఈ ముక్క మొదటి పోస్టులో ఉండాల్సింది.

టెస్టర్_అక్క: అయితే సగం పదాలు ఈ డిస్కౌంట్ కేసుకే ఇవ్వు. కోడ్, మూడు టెస్టులు, వాటిలో తప్పు ఎందుకు దాగింది, జీఎస్టీ ప్రశ్న. తర్వాత దీని హద్దు కూడా రాయి: రూలుని కూడా టూల్‌కి స్పష్టంగా రాసిస్తే 1000 టెస్టుని అదే సరిగ్గా ఇవ్వగలదు. అప్పుడు మనిషి పని రూలులో రాయకుండా వదిలేసిన చోటికి జరుగుతుంది.

జావా_జగ్గు: ఒకటి అడుగుతా. షాపువాణ్ణి అడిగి తేల్చే పని ఫ్రెషర్‌కి ఎవరిస్తారు? వాళ్ళకిచ్చేది ఆ మూడు టెస్టులు రాసే పనే, అదే పోతోంది కదా. ఎస్సేలో దీనికి జవాబు ఎక్కడ?

పైసా_పక్కా: ముందు ఫ్లోట్ తీసేయమనండి.

ఫైనల్‌ఇయర్_సీఎస్ఈ: ఓకే అక్కా, థాంక్స్. జీఎస్టీది పెట్టేస్తున్నా.