అప్‌డేట్: ముందు ధర ప్రకటించిన కంపెనీకే ఎందుకు తక్కువ మిగులుతుంది?

నేను అడిగింది: "కాస్త తేడా ఉన్న సరుకులు అమ్మే రెండు కంపెనీల్లో ముందు ధర చెప్పినదానికే లాభం ఎక్కువ రావాలి కదా, రెండోదానికి ఎందుకు వస్తోంది?"

కూర్చుని లెక్క వేశాక అర్థమైంది. ఖర్చు సున్నా అనుకుని, ఇద్దరికీ ఒకే తరహా డిమాండ్ తీసుకున్నాను; p1, p2 వాళ్ల ధరలు, q1, q2 వాళ్లు అమ్మే యూనిట్లు:

```
q1 = 28 - 2*p1 + p2
q2 = 28 - 2*p2 + p1
```

ఇద్దరూ ఒకేసారి ధర పెడితే చెరొకరి ధర సుమారు 9.33, లాభం సుమారు 174.2. మొదటి కంపెనీ ముందుగా చెబితే, తను పెంచితే రెండోది కూడా కొంత పెంచుతుందని దానికి తెలుసు. అందుకే 10 పెడుతుంది. రెండోది 9.5 దగ్గర ఆగుతుంది. మొదటిది 17.5 యూనిట్లు అమ్మి 175 సంపాదిస్తుంది, రెండోది 19 అమ్మి 180.5.

నేను పొరబడింది ఇక్కడే. ముందు కదలడం వల్ల మొదటిదానికి నష్టమేమీ లేదు, 174.2 కాస్తా 175 అయింది. కానీ ధర పెంచే భారం అది మోస్తే, రెండోది కొంచెం తగ్గించి కొనేవాళ్లను లాక్కుంటుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. 9.5 చూశాక మొదటిదానికి 9.375కి దిగాలనిపిస్తుంది. అలా మార్చుకునే వీలుంటే 10 అన్న మాటను ఎవరూ నమ్మరు, ధరలు మళ్లీ 9.33కే చేరతాయి. ఇద్దరి ఖర్చుల్లో పెద్ద తేడా ఉంటే మాత్రం ముందున్నదానికే ఎక్కువ లాభం రావచ్చు.