మార్కెటింగ్ ఫీజు అడుగుతున్న కన్సల్టెన్సీ: కట్టొచ్చా, కట్టకూడదా?

బ్రాడీపేట తండ్రి
మా అబ్బాయి డాలస్‌లో ఎంఎస్ పూర్తి చేసి, చదువయ్యాక కొన్నాళ్లు పని చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి మీద ఉన్నాడు. ఉద్యోగం లేక రెండు నెలలు దాటింది. ఒక కన్సల్టెన్సీ మార్కెటింగ్ ఫీజు రెండు లక్షలు, హెచ్‌1 స్పాన్సర్‌షిప్ డిపాజిట్ మూడున్నర లక్షలు అడుగుతోంది. పన్నెండేళ్ల కంపెనీ అంటున్నారు. డబ్బు మాత్రం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒకాయన సొంత ఖాతాలో వేయమంటున్నారు. కట్టడం తప్పా? కంపెనీ నిజమో కాదో గుంటూరులో కూర్చుని ఎలా తెలుసుకోవాలి?

పటమట కుర్రాడు
అంకుల్, టెన్షన్ పడకండి. మార్కెటింగ్ ఫీజు మా బ్యాచ్‌లో చాలామంది కట్టారు, నేనూ కట్టాను, ప్రాజెక్ట్ వచ్చింది. మన రెజ్యూమె పట్టుకుని ప్రాజెక్ట్ వెతికే బెంచ్ సేల్స్ వాళ్లు రాత్రంతా వెండార్లకి ఫోన్లు కొడతారు, ఊరికే ఎవరు చేస్తారు? హెచ్‌1 కోసం డబ్బు అడగడం మాత్రం రూల్స్‌కి విరుద్ధం. అమెరికా ఇమిగ్రేషన్ సైట్లో H-1B Employer Data Hub అని ఉంటుంది. అందులో కంపెనీ పేరు కొట్టండి. ఉంటే ఒరిజినల్, లేకపోతే ఫేక్. అంతే.

గల్ఫ్ రిటర్న్
ముందు emigrate.gov.in లో ఏజెంట్ పేరు చూడండి సార్. లైసెన్స్ లేనివాడికి రూపాయి కూడా ఇవ్వకూడదు. నేను కువైట్ వెళ్లేటప్పుడు అలాగే చూసుకున్నాను.

నైట్ షిఫ్ట్ హెచ్‌ఆర్
గల్ఫ్ అన్నగారూ, అది ఇక్కడి నుంచి మనుషుల్ని పనికి పంపే ఏజెంట్ల జాబితా. ఈ అబ్బాయి ఇప్పటికే అమెరికాలో ఉన్నాడు. వాళ్ల పేరు అందులో లేకపోయినా ఏమీ తేలదు.

బ్రాడీపేట బాబాయ్ గారూ, నేను అమెరికా స్టాఫింగ్ కంపెనీలకి గుంటూరు నుంచే హెచ్‌ఆర్ పని చేస్తాను. పటమట తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం. డేటా హబ్‌లో పేరు ఉన్నంత మాత్రాన మీతో మాట్లాడేవాడు ఆ కంపెనీవాడు అయిపోడు. ఆఫర్ లెటర్ మీద పేరు చివర ఏముందో అక్షరం వదలకుండా చెప్పండి: ఇంక్ అనా, ఎల్‌ఎల్‌సీ అనా? అడ్రస్ ఏ రాష్ట్రంలో ఉంది?

బ్రాడీపేట తండ్రి
ఎల్‌ఎల్‌సీ అని ఉందమ్మా. అడ్రస్ టెక్సస్. డేటా హబ్‌లో ఆ పేరు కనిపించింది, ఏటా పది, పదిహేను హెచ్‌1లు అప్రూవ్ అయినట్టు ఉంది. కానీ అక్కడ ఇంక్ అని ఉంది, ఊరు న్యూజెర్సీలో.

నైట్ షిఫ్ట్ హెచ్‌ఆర్
అసలు చిక్కు అక్కడే ఉంది. ఇంక్ వేరు, ఎల్‌ఎల్‌సీ వేరు. న్యూజెర్సీలో ఎవరో నిజంగా నడుపుకుంటున్న కంపెనీ పేరు పెట్టుకుని, వాళ్ల రికార్డు చూపించి మీ దగ్గర డబ్బు గుంజడం చాలా తేలిక. డేటా హబ్‌లో ప్రతి కంపెనీ పక్కన ట్యాక్స్ ఐడీ, అంటే ఈఐఎన్, చివరి నాలుగు అంకెలు ఉంటాయి. వీళ్ల ఈఐఎన్ నంబర్ అడిగి ఆ నాలుగు అంకెలతో సరిచూడండి. నిజంగా స్పాన్సర్ చేసేవాళ్లకి ఆ నంబర్ దాచాల్సిన పని లేదు.

తర్వాత టెక్సస్‌లో పన్నులు చూసే కంప్ట్రోలర్ ఆఫీసు సైట్లో కంపెనీల వివరాలు వెతికే పేజీ తెరవండి, ఉచితమే. ఎల్‌ఎల్‌సీ పేరు కొడితే ఎప్పుడు రిజిస్టర్ అయిందో, ఇప్పుడు చెల్లుబాటులో ఉందో లేదో, రిజిస్టర్డ్ ఏజెంట్ ఎవరో వస్తుంది.

బ్రాడీపేట తండ్రి
చూశాను. రిజిస్టర్ అయ్యి ఏడు నెలలే అయింది. అడ్రస్ ఒక అపార్ట్‌మెంట్ ఫ్లాట్.

పటమట కుర్రాడు
కొత్త కంపెనీ అయితే మోసం అనేస్తామా? మన వాళ్లు చాలామంది ఇంట్లోంచే మొదలుపెట్టారు.

నైట్ షిఫ్ట్ హెచ్‌ఆర్
కొత్తదవడం తప్పు కాదు తమ్ముడూ, ఒప్పుకుంటాను. ఏడు నెలల కంపెనీ పన్నెండేళ్లని చెప్పుకోవడం తప్పు. ఉద్యోగులకి పని చేసే అర్హత ఉందో లేదో కంపెనీలు సరిచూసుకునే ప్రభుత్వ సైట్ e-verify.gov లో కూడా చూడమనండి. మొదటి ఏడాది ఓపీటీకి ఈ-వెరిఫై అక్కర్లేదు, కాబట్టి అందులో లేకపోతే దొంగ అని చెప్పలేం. కానీ సైన్స్, ఇంజనీరింగ్ లాంటివి చదివినవాళ్లకి ఇచ్చే తర్వాతి 24 నెలల స్టెమ్ పొడిగింపుకి కంపెనీ అందులో ఉండి తీరాలి, ఐ-983 ట్రైనింగ్ ప్లాన్ మీద సంతకం కూడా పెట్టాలి. అందులో లేకుండా "స్టెమ్ కూడా మేమే చూసుకుంటాం" అంటే నమ్మకండి.

ఇక డిపాజిట్. హెచ్‌1 పిటిషన్‌తో కట్టే ట్రైనింగ్ ఫీజు కంపెనీ సైజుని బట్టి 750 లేదా 1,500 డాలర్లు, మోసాల నివారణ ఫీజు 500 డాలర్లు. ఈ రెండూ ఉద్యోగి నుంచి ఏ పేరుతోనూ వసూలు చేయకూడదు. లాయర్ ఖర్చు కూడా కంపెనీదే. పైగా రిజిస్ట్రేషన్ జరిగేది మార్చిలో, దాని ఫీజు 215 డాలర్లు. మూడున్నర లక్షలు ఇప్పుడే ఎందుకు? కొందరు ఇద్దరు ముగ్గురు కన్సల్టెన్సీలకి తలా ఒక డిపాజిట్ కడతారు, హెచ్‌1 లాటరీలో ఛాన్స్ పెరుగుతుందని. 2024 నుంచి పాస్‌పోర్ట్‌ని బట్టి మనిషినే చూస్తారు, ఎన్ని కంపెనీలు వేశాయో కాదు. ఎంతమంది వేసినా ఛాన్స్ పెరగదు.

అరండల్‌పేట అక్క
మా తమ్ముడికి రిసీట్ నంబర్ కూడా పంపారు కదండీ! కేస్ స్టేటస్ పేజీలో కొడితే Case Was Received అని వచ్చింది. దాన్ని చూసే కట్టేశాం.

నైట్ షిఫ్ట్ హెచ్‌ఆర్
ఆ పేజీలో ఎవరి పేరూ కనిపించదు అక్కా. ఫారం నంబర్, తేదీ మాత్రమే వస్తాయి. వేరేవాళ్ల నంబర్ మీకు పంపినా అదే కనిపిస్తుంది. మీ తమ్ముడి పేరున్న ఐ-797 నోటీసు కాపీ అడగండి. అదీ ఫొటోషాప్‌లో చేయొచ్చు కాబట్టి, కేసు వేసిన లాయర్ పేరు అడిగి, ఆ రాష్ట్ర బార్ సైట్లో ఉన్న నంబర్‌కే ఫోన్ చేయండి. కన్సల్టెన్సీ ఇచ్చిన నంబర్‌కి వద్దు.

పటమట కుర్రాడు
ఇవన్నీ సరే. హెచ్‌1 డిపాజిట్ వదిలేద్దాం. మార్కెటింగ్ ఫీజు ఒక్కటే కడితే ఏ చట్టం తప్పుతుంది? వీసా పోయేలా ఉన్నప్పుడు కుర్రాడు ఏం చేయాలి? ఓపీటీలో 90 రోజులు ఉద్యోగం లేకపోతే అయిపోయినట్టే. వాళ్లు కనీసం ఆఫర్ లెటర్ ఇస్తే కౌంటర్ ఆగుతుంది.

నైట్ షిఫ్ట్ హెచ్‌ఆర్
మార్కెటింగ్ ఫీజు మొత్తం నేరమేనని నేనూ అనను. ట్రైనింగ్ నిజంగా ఇచ్చి డబ్బు తీసుకునేవాళ్లు ఉన్నారు. నా భయం ఆ లెటర్ గురించే. పని లేకుండా లెటర్ తీసుకుని, ఓపీటీ వాళ్లు ఉద్యోగం వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్‌లో ఉద్యోగం ఉన్నట్టు రాయడం అబద్ధపు సమాచారం. కొందరు ఇంకో అడుగు వేసి, మన డబ్బే తీసుకుని జీతంగా తిరిగి ఇచ్చి "పేరోల్ రన్" చేస్తారు. ఫైన్‌డ్రీమ్ అనే కంపెనీ ఇలా ఓపీటీ వాళ్లకి ఉత్తుత్తి ఉద్యోగాలు చూపించింది, దాన్ని నడిపినావిడ మీద 2019లో చికాగోలో కేసు పెట్టారు. అలాంటి కంపెనీ పేరు రికార్డులో ఉన్నవాళ్లకి తర్వాత వీసా స్టాంపింగ్‌కి వెళ్తే ప్రశ్నలు తప్పవు.

90 రోజుల సంగతికి వస్తే, మొదటి ఓపీటీలో చదివిన సబ్జెక్ట్‌కి సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా చేసినా లెక్కలోకి వస్తుంది, ఆ పని నిజంగా చేసి రుజువులు దాచుకుంటే. ఆ ఊళ్లోని ప్రొఫెసర్లని అడగమనండి, యూనివర్సిటీలో విద్యార్థుల వీసా సంగతులు చూసే డీఎస్‌ఓతో మాట్లాడమనండి. స్టెమ్ పొడిగింపులో మాత్రం ఇది కుదరదు.

పటమట కుర్రాడు
ప్రొఫెసర్ అందరికీ దొరుకుతాడా అక్కా? నేనైతే ప్రాజెక్ట్ వచ్చాకే జీతంలోంచి కట్టించుకునే కన్సల్టెన్సీ వెతుక్కోమంటాను. ముందు డబ్బు అడిగేవాళ్లని వదిలేయాలి, అది మాత్రం ఒప్పుకుంటాను.

అరండల్‌పేట అక్క
ఇప్పటికే కట్టినవాళ్ల సంగతేంటి? మేం గవర్నర్‌పేటలో ఒక ఖాతాకి యూపీఐలో వేశాం.

నైట్ షిఫ్ట్ హెచ్‌ఆర్
వెంటనే 1930కి ఫోన్ చేసి cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు ఇంకా ఆ ఖాతాలో ఉంటేనే ఆపగలరు, ఆలస్యమైతే కష్టం. మీ తమ్ముడు ఆ కంపెనీలో హెచ్‌1 మీద నిజంగా చేరి ఉంటే, అమెరికా కార్మిక శాఖకి డబ్ల్యూహెచ్-4 ఫారంతో ఏడాదిలోపు ఫిర్యాదు చేయొచ్చు. చేరకపోతే ఆ దారి మీకు పనికొస్తుందో లేదో అక్కడి లాయర్‌నే అడగాలి.

బ్రాడీపేట తండ్రి
ఈఐఎన్ నంబర్ అడిగాను. "డబ్బు పడ్డాక ఇస్తాం" అన్నారు. అరగంటకి మళ్లీ ఫోన్ చేసి, ఈ రాత్రికే వేస్తే డిపాజిట్ రెండు లక్షలకి తగ్గిస్తామన్నారు. మా వాడు మాత్రం ఇంకా "నాన్నా, వేసేయండి" అనే అంటున్నాడు. పటమట బాబూ, నువ్వు చెప్పిన లాంటి కన్సల్టెన్సీ తెలిస్తే పేరు పంపు, దానికీ ముందు ఇవే చూస్తాను.