అప్‌డేట్: స్ట్రీమింగ్ ఆన్‌లోనే ఉంది, జవాబు మాత్రం ఒకేసారి వస్తోంది

నేను అడిగింది: "స్ట్రీమింగ్ పెట్టినా చాట్‌బాట్ జవాబు మొత్తం ఒకేసారి వచ్చి పడుతోంది, ఎందుకు?"

కారణం దొరికింది. యాప్‌కూ యూజర్‌కూ మధ్యలో ప్రాక్సీగా ఉన్న nginx జవాబు ముక్కల్ని పోగేసి పంపుతోంది, అది దాని డిఫాల్ట్. `curl -N` తో నేరుగా యాప్ పోర్ట్‌ను అడిగితే పదాలు వరసగా వచ్చాయి, nginx ద్వారా అడిగితే కాసేపు ఆగి మొత్తం కుమ్మరించింది. nginx కాన్ఫిగ్‌లో చాట్‌బాట్ లొకేషన్ బ్లాక్‌లో ఇది పెట్టాను:

```
proxy_buffering off;
```

అయినా మొదటి పదానికి ముందు ఆలస్యం మిగిలింది, దాన్ని స్ట్రీమింగ్ తగ్గించలేదు. మా సిస్టమ్ ప్రాంప్ట్ చాలా పెద్దది, దాని మొదటి లైన్‌లోనే ప్రస్తుత సమయం ఉంది. ప్రాంప్ట్ క్యాషింగ్ మొదటి నుంచి మారకుండా ఉన్న భాగానికే పనిచేస్తుంది కాబట్టి మోడల్ ప్రతిసారీ అంతా మళ్లీ చదవాల్సి వచ్చేది. సమయాన్ని చివరికి, యూజర్ కొత్త ప్రశ్న పక్కకు జరిపాక తేడా స్పష్టంగా కనిపించింది, అందుకే చిన్న మోడల్‌కు మారే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాం.