బ్యాంకు ఇంజినీరుకు ఇచ్చే క్యాష్ ఫ్లో నోట్‌లో ఆలస్యం రాయాలా, వద్దా?

కర్నూలు_ప్లానర్:
కర్నూల్లో 60 పడకల హాస్పిటల్ కడుతున్నాం. యజమాని తరఫున ప్లానింగ్ నాది. ఆగస్టులో 140 లక్షలు పోతాయని రాశాం, 95 పోయాయి. వానకు పని ఆగింది, అంతే. బ్యాంకు పెట్టిన ఇంజినీరు "నెలవారీ ఖర్చు కర్వ్ ఉంది, వివరణ ఏది?" అని ఫైలు తిప్పి పంపాడు. ఆలస్యమని రాస్తే వచ్చే లోను విడత ఆపుతారేమోనని మా ఎండీకి టెన్షన్. మిగిలిన 45 సెప్టెంబరులో కలిపెయ్యమంటున్నారు. కలిపెయ్యాలా, రాయాలా?

మేస్త్రీగారబ్బాయి:
కలిపెయ్ అన్నా. షెడ్యూల్‌లో ప్రతి పనికీ డబ్బు ఎక్కించు, పని ఎంత ముందు మొదలవ్వగలదో ఆ ఎర్లీ డేట్లు పెట్టు, కర్వ్ దానంతటదే వస్తుంది. విడత కాస్త ముందే పడితే మనకే మంచిది. ఒక్కటి మాత్రం చూసుకో, లిఫ్టులకూ జనరేటర్‌కూ అడ్వాన్సు బిగించే రోజున కాదు, ఆర్డరు రోజునే పోతుంది.

అనంత_ఇల్లు:
మాదీ ఇదే గోల సార్. అనంతపురంలో ఇంటి లోను, స్లాబు పడ్డాక బ్యాంకు ఇంజినీరు మూడు వారాలకు గానీ రాలేదు. సెంట్రింగ్ అద్దె మేమే కట్టుకున్నాం. వాళ్లను ఎవరు అడగాలి?

పాత_చెక్కర్:
ఇల్లు సార్, మీది స్టేజీ పేమెంటు, వేరే సంగతి.

ప్లానర్ గారూ, ఇలాంటి ఫైళ్లు తిప్పి పంపే పని నేను చాలా ఏళ్లు చేశాను. ఆగస్టు వానకు ఆగస్టు డబ్బు ఎలా తగ్గింది? మీ కాంట్రాక్టరుకు బిల్లు ఎప్పుడు ఇస్తారు?

కర్నూలు_ప్లానర్:
నెలాఖరుకు కొలతలు, 5న బిల్లు, 15కల్లా సర్టిఫై, ఆ తర్వాత 30 రోజులకు చెల్లింపు.

పాత_చెక్కర్:
అంటే జూన్ పనికి డబ్బు ఆగస్టు 14న పోతుంది. ఆగస్టు వాన దెబ్బ మీ ఖాతాలో కనపడేది అక్టోబరులో. ఆ 45 ఎక్కడ తగ్గిందో లెడ్జర్ తీసి చూడండి.

కర్నూలు_ప్లానర్:
చూశాను సార్. జూన్ బిల్లులో ఇటుక పని కొలతల దగ్గర గొడవై 28 ఆగింది. సెప్టెంబరులో ఇచ్చేస్తాం. మిగతా 17 లిఫ్టుల అడ్వాన్సు. ఎండీ ఇంకా ఆర్డరు పెట్టలేదు.

పాత_చెక్కర్:
చూశారా, వాన ఎక్కడా లేదు. 28 పెద్ద అంకె, కానీ భయం లేనిది. పని అయిపోయింది, డబ్బు ఒక నెల జరిగింది. 17 చిన్నదే, కానీ అసలు ముల్లు అక్కడుంది. సప్లయర్ ఎన్ని నెలలన్నాడు?

కర్నూలు_ప్లానర్:
ఐదు. షెడ్యూల్‌లో జనవరి చివర దిగుతాయని ఉంది. మార్చి 31కి పూర్తి.

పాత_చెక్కర్:
సెప్టెంబరు చివర ఆర్డరు పెడితే ఫిబ్రవరి చివరకు వస్తాయి. బిగించి, పరీక్షించి మార్చిలో ముగిస్తారా? ఇంజినీరు వివరణ అడిగింది దీనికోసమే. 45 తీసి సెప్టెంబరులో పోస్తే 28కీ 17కీ తేడా మాయమవుతుంది, ఆగస్టు వాన వల్ల అక్టోబరులో తగ్గేది అసలు కనపడదు. రెండు నెలలు మీ అంకెలు తప్పితే మూడో నెల మీ కర్వ్‌ను ఎవరూ నమ్మరు.

ఇంకోటి. స్టీలు రేటు ఏమైనా మారిందా?

కర్నూలు_ప్లానర్:
మిగిలిన టన్నేజీ మీద 6 లక్షలు పెరిగింది.

పాత_చెక్కర్:
నెల ఖర్చు తగ్గిందని మీరు చూస్తున్నారు, ప్రాజెక్టు ఖర్చేమో పెరిగింది. మొత్తం 24 కోట్లలో ఇప్పటికి ఎంత పోయింది, చేతిలో ఎంత ఉంది?

కర్నూలు_ప్లానర్:
920 లక్షలు పోయాయి. తీసుకోని లోను 1,000, మావాళ్లు పెట్టాల్సింది 480.

పాత_చెక్కర్:
చేతిలో 1,480. పూర్తవడానికి ఇప్పుడు కావాల్సింది 1,486. ఆ 6 ఎక్కడిదో మీరే ఒక వాక్యంలో రాయండి. విడత ఆగితే ఆగేది ఇక్కడ, వాన దగ్గర కాదు.

మేస్త్రీగారబ్బాయి:
6 లక్షలకేముంది సార్, అనుకోని ఖర్చులకని కంటింజెన్సీ 50 ఉంటుంది కదా, అన్ని నెలలకూ పంచేస్తే సరి.

పాత_చెక్కర్:
పంచితే ఏ నెలలో ఎంత వాడారో తెలియదు. విడి వరుసగా ఉంచి, 50లో 6 పోయి 44 మిగిలిందని రాయాలి. ఎర్లీ డేట్లూ అంతే బాబూ, ముందే తెచ్చుకున్న విడత కరెంటు ఖాతాలో పడి ఉంటుంది, వడ్డీ మాత్రం నడుస్తుంది.

మేస్త్రీగారబ్బాయి:
వడ్డీ సరే. డబ్బులేక సెంట్రింగ్ వాళ్లు పక్క సైటుకు పోతే ఆ నష్టం ఎవరిస్తారు? విడిగా చూపిన కంటింజెన్సీని బ్యాంకు మొదట కత్తిరిస్తుంది, నేను చూశాను.

పాత_చెక్కర్:
కత్తిరించేవాళ్లూ ఉన్నారు, కాదనను.

కర్నూలు_ప్లానర్:
అర పేజీ రాశాను. 28 సెప్టెంబరుకు, అక్టోబరులో తగ్గేది విడిగా, 6 కంటింజెన్సీ నుంచి. 17 దగ్గర "ఆర్డరు తేదీ:" అని రాసి ఖాళీ వదిలి ఎండీ టేబుల్ మీద పెట్టాను. సంతకం చేశారు గానీ తేదీ ఇంకా వేయలేదు.