అప్‌డేట్: మొదటి బగ్ రిపోర్ట్ ఒప్పుకున్నారు

అప్పుడు అడిగింది: "తిరుపతిలో బీటెక్ చదువుతున్నా. బగ్ బౌంటీకి ఏ ప్రోగ్రామ్ పట్టుకోవాలి, రిపోర్ట్ ఎలా రాయాలి?"

సలహాలిచ్చిన అన్నలకీ అక్కలకీ థ్యాంక్స్. లోపాలుంటే చెప్పమని కంపెనీయే పిలిచే, కానీ డబ్బులివ్వని ఒక వీడీపీ ప్రోగ్రామ్ తీసుకున్నా, అక్కడ పోటీ తక్కువ, పైగా సొంతంగా అకౌంట్ తెరుచుకుని లోపలంతా చూడగలిగే షాపింగ్ సైట్ అది. పేరు మార్చి చెప్తున్నా, ఏవి పరీక్షించొచ్చో చెప్పే స్కోప్‌లో `*.example.com` అని ఉంది. అది చూస్తే సబ్‌డొమైన్లన్నీ వస్తాయనిపిస్తుంది, కానీ కింద మినహాయింపుల్లో `help.example.com` ఉంది, దాన్ని వేరే కంపెనీ నడుపుతుందట, కాబట్టి దాని జోలికి పోలేదు. స్కానర్లు కూడా వాడొద్దన్నారు.

నావే రెండు అకౌంట్లు తెరిచి ఒక్కోదాంట్లో ఒక ఆర్డర్ పెట్టా. మొదటి అకౌంట్‌తో లాగినై, రిక్వెస్ట్‌ని మధ్యలో ఆపి మార్చే బర్ప్ టూల్‌లో ఆర్డర్ నంబర్ తీసేసి రెండోదాని నంబర్ పెట్టి పంపా:

```
GET /api/orders/1042
```

రెండో అకౌంట్ అడ్రస్, ఫోన్ నంబర్ వచ్చేశాయి! వేరేవాళ్ల నంబర్లు ముట్టుకోలేదు, రుజువుకి ఇది చాలు.

రిపోర్ట్ టైటిల్‌లో "ఐడీఓఆర్ ఉంది" అని లోపం పేరు మాత్రమే చెప్పి వదిలేయకుండా, "ఆర్డర్ నంబర్ మారిస్తే వేరే కస్టమర్ అడ్రస్, ఫోన్ కనిపిస్తున్నాయి" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీష్‌లో రాశా. తర్వాత ఏ అకౌంట్‌తో ఏం చేయాలో వరుసగా, రిక్వెస్ట్, రెస్పాన్స్ రెండూ కాపీ చేసి ఇచ్చా. నంబర్లు వరుసగా ఉంటాయి కాబట్టి లాగినైన ఎవరైనా అందరి వివరాలూ లాగేయొచ్చని చెప్పా, ముఖ్యమైన ముక్క అదే.

సరిచేశాక మళ్లీ చూడమన్నారు, ఇప్పుడు అదే రిక్వెస్ట్‌కి 403, అంటే అనుమతి లేదని వస్తోంది. బయటపెట్టడానికి వాళ్లు ఒప్పుకునేదాకా సైట్ పేరు మాత్రం అడగొద్దు.