“చూడ జూడ”లో ఒక “చూడ” పోయింది: టైపు చేసిన ప్రతిని ఎలా సరిచూడాలి?

సుజాత: మా తాతగారి చేతిరాత నోటుపుస్తకం ఫొటోలు తీసి టైపు చేస్తున్నాను. వేమన పద్యాలు, ఒక్కోదాని కింద ఆయన సొంతంగా రాసుకున్న తాత్పర్యం. 62 పేజీలూ అయిపోయాయి. నిన్న ఒక పేజీని ఫొటో పక్కన పెట్టి చూస్తే పద్యంలోనే ఒక మాట లేదు. నేను కొట్టింది ఇది:

ఉప్పు కప్పురంబు నొక్కపోలిక నుండు
చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయ
విశ్వదాభిరామ వినురవేమ

ఫొటోలో రెండో పాదం “చూడ జూడ” అని ఉంది, మూడో పాదం చివర “వేరయా” ఉంది. టైపు చేశాక రెండుసార్లు చదివాను, ఎక్కడా అనుమానం రాలేదు. మిగతా పేజీలు ఎలా సరిచూడమంటారు?

వెంకటరావు: పద్యాలకు భయం లేదమ్మా, గణాలు వేసుకోండి. ఆటవెలది రెండో పాదంలో ఐదు సూర్యగణాలుండాలి. చూడ, జూడ, రుచుల, జాడ, వేరు. మీరు కొట్టినదాంట్లో నాలుగే ఉన్నాయి. మాట పోతే ఛందస్సే పట్టిస్తుంది. అయితే ఆ పాదంలో “చూ”కీ “జా”కీ యతి కుదరడం లేదు. తాతగారు రాసుకున్నప్పుడే ఏదో తేడా వచ్చినట్టుంది.

భారతి: వెంకటరావు గారూ, అక్కడ ఉన్నది ప్రాసయతి. చూడ–జాడ, రెండో అక్షరం “డ” కలిసింది. తాతగారు సరిగ్గానే రాశారు.

గణాల మాట నిజమే గానీ సగమే. మాట పోతే గణం తగ్గుతుంది, దొరుకుతుంది. ఒక మాట బదులు అదే కొలతలో ఇంకో మాట పడితే దొరకదు. సుజాత గారి మూడో పాదమే చూడండి. “వేరయా” రగణం, “వేరయ” భగణం. రెండూ ఇంద్రగణాలే, రెండూ అక్కడ చక్కగా ఇముడుతాయి. “రుచుల” బదులు “రుచులు” అని కొట్టినా నగణమే. ఛందస్సు ఏమీ అనదు, ఫొటో మాత్రమే చెప్పగలదు.

ఫణి: అసలు “వేరయ” సరైనదా, “వేరయా” సరైనదా? నేను బళ్ళో “వేరయా” అనే నేర్చుకున్నాను. 1829లో బ్రౌను దొర వేసిన పుస్తకంలో ఎలా ఉందో చూస్తే తేలిపోతుంది కదా.

భారతి: ఫణీ, నువ్వడిగేది వేమన పాఠం గురించి. ఆవిడ అడిగింది తాతగారి నోటుపుస్తకం గురించి. బ్రౌను పుస్తకంలో ఏమున్నా తాతగారు ఏం రాశారన్నదే ఇక్కడ లెక్క. మనకు నోటికొచ్చిన పద్యమైతే కన్ను కాగితం మీద ఉన్నా చెయ్యి జ్ఞాపకంలో ఉన్నది కొడుతుంది. నోటికి రాని పద్యం కంటే నోటికొచ్చిన పద్యాన్నే ఎక్కువ జాగ్రత్తగా సరిచూడాలి.

సుజాత గారూ, నాకు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన అలవాటుంది. నా భయం పద్యాల గురించి కాదు, తాత్పర్యాల గురించి. వచనానికి గణాల కాపలా లేదు. ఆ పేజీ తాత్పర్యం ఫొటోలో ఉన్నది ఉన్నట్టు, ఏ పంక్తి ఎక్కడ విరిగిందో అక్కడే విరిచి పెట్టండి. పక్కనే మీరు కొట్టింది పెట్టండి.

సుజాత: ఫొటోలో:

ఉప్పును కర్పూరమును చూచుటకు ఒక్క తీరుగ
నుండును. రుచి చూచిన గాని భేదము తెలియదు. అట్లే
మనుష్యులందఱు చూచుటకు ఒక్క తీరుగ నుండినను
గుణము చూచిన గాని పుణ్యపురుషుఁడు తెలియఁడు.

నేను కొట్టింది:

ఉప్పును కర్పూరమును చూచుటకు ఒక్క తీరుగ నుండినను గుణము చూసిన గాని పుణ్యపురుషుడు ఎవరో తెలియదు.

అయ్యో, ఇంత పోయిందా! ఇది సరిగ్గా ఉందనే అనుకున్నానండీ.

భారతి: సరిగ్గా ఉన్నట్టు చదవబడటమే దీనితో చిక్కు. “చూచుటకు ఒక్క తీరుగ” రెండుసార్లు వచ్చింది. మొదటిది కొట్టి తల ఎత్తారు, మళ్ళీ ఫొటో వైపు చూసేసరికి కన్ను రెండోదాని మీద పడింది. మధ్యలో పదకొండు మాటలు పోయాయి, వాక్యం మాత్రం అతుక్కుంది. టైపు ఒక్కటే ఎన్నిసార్లు చదివినా ఇది దొరకదు.

ఇలా చేయండి. ముందు టైపులో కూడా ఫొటోలో విరిగినచోటే పంక్తి విరవండి, పేరాగా కలపడం చివరికి పెట్టుకోండి. ఈ తాత్పర్యం ఫొటోలో నాలుగు పంక్తులు. మీది అలా విరిచి ఉంటే రెండే వచ్చేవి, చదవకుండానే తెలిసిపోయేది. తరువాత ప్రతి పంక్తి మొదటి మాట, చివరి మాట కలిశాయో లేదో చూడండి. మాటలు లెక్కపెట్టడం మీద ఆధారపడకండి. చేతిరాతలో సంధి చేసి కలిపి రాసినవీ, విడగొట్టినవీ ఎక్కడెలా ఉంటాయో చెప్పలేం.

ఆ పైన రెండు విడతలు. మొదటి విడత ఫొటోలో మాట మీద వేలు పెట్టి, అది టైపులో ఉందా అని చూడండి. పోయినవి దొరుకుతాయి. రెండో విడత తిరగేసి, టైపులో మాట మీద వేలు పెట్టి, అది ఫొటోలో ఎక్కడుందో వెతకండి. మీ “ఎవరో” అప్పుడు దొరుకుతుంది. తాతగారు ఆ మాట రాయలేదు, మీ చెవికి కావాల్సి వచ్చి పడింది. ఒక్క విడతలోనే రెండూ చూద్దామంటే చేర్చిన మాట తప్పించుకుంటుంది, ఎందుకంటే ఫొటోలో లేనిదాని దగ్గర వేలు ఆగదు.

ఈ రెండో విడతను పేజీ అడుగు పంక్తి నుంచి పైకి చేయండి. అర్థం వెంట పరుగెత్తడం ఆగుతుంది.

మాధవి: మా అమ్మమ్మ ఆవకాయ కొలతల కాగితం టైపు చేసినప్పుడు నాకూ ఇదే అయింది. ప్రతి పంక్తీ “శేరు”తో ముగిసేది. కారం శేరు, ఉప్పు శేరు, ఆవపిండి శేరు. ఉప్పు పంక్తి ఎగిరిపోయింది. అమ్మ చదివి “ఉప్పేదే?” అని అడిగితే గానీ తెలియలేదు. ఇద్దరు కూర్చుని ఒకరు చదువుతుంటే ఒకరు చూస్తే తేలిక కదా?

భారతి: ఇద్దరుంటే అంతకంటే మంచిది లేదు. ప్రెస్సులో మేం చేసిందీ అదే. కానీ చదివేవారు ఫొటో చూసి చదవాలి, ఒత్తులూ, విరామాలూ కూడా పలకాలి. “మనుష్యులందఱు, బండి ఱ” అనాలి. లేకపోతే వినేవారికి ర, ఱ ఒకటే. “పురుషుఁడు”లో అరసున్న పోవడం కూడా చెవికి తెలియదు.

సుజాత గారికి ఇంకో చిన్న పని. తాతగారు “చూచి”, “చూచిన” అనే రాశారు కదా. మీ టైపు మొత్తంలో Ctrl+F కొట్టి “చూసి” వెతకండి. దొరికిన ప్రతిచోటా ఫొటో చూడండి. ఆయనే ఎక్కడైనా “చూసి” అని రాసి ఉండొచ్చు కాబట్టి ఒక్కదెబ్బతో మార్చేయకండి.

సుజాత: ఇప్పటికి పన్నెండు పేజీలు అలా చేశాను. ఇలాంటి గెంతు ఇంకొకటి దొరికింది, “అని భావము” రెండుసార్లు వచ్చిన పేజీలో. నేను చేర్చినవి ఐదు, అన్నీ “కూడా”, “అనే” లాంటి చిన్న మాటలే. ఒక సందేహం మిగిలింది. “చూడ జూడ”లో మొదటి “డ” పక్కన కాగితం మడత ఉంది. అక్కడ అరసున్న ఉందో, మడత నీడో తెలియడం లేదు.

వెంకటరావు: ఉండే ఉంటుందమ్మా. చూడన్ అని ద్రుతం ఉంది కాబట్టే “చూడ” కాస్తా “జూడ” అయింది. ప్రాసయతి విషయంలో నేను పొరబడ్డాను గానీ ఇందులో సందేహం లేదు. “చూడఁ జూడ” అని పెట్టేయండి.

భారతి: వ్యాకరణం ప్రకారం అక్కడ ఉండాల్సిందే, మీ మాట కాదనను. కానీ ఈయన తాత్పర్యంలో అరసున్నలు పెట్టారు, ఇదే పద్యంలో “రుచులఁ” అని మాత్రం పెట్టలేదు. పద్యాల్లో ఆయన అలవాటేమిటో మిగతా పేజీలు చూస్తే గానీ తెలియదు. ప్రస్తుతానికి “చూడ[?] జూడ” అని ఉంచండి.

వెంకటరావు: “రుచుల” షష్ఠి అనుకుని రాసి ఉంటారు, అప్పుడు అరసున్న అక్కర్లేదు. కాబట్టి అది సాక్ష్యం కాదు.

భారతి: అది నిజమే. ఆ ఆధారం వెనక్కి తీసుకుంటున్నాను. [?] మాత్రం ఉంచమనే చెబుతాను.

సుజాత: అసలు పుస్తకం గుడివాడలో మా అన్నయ్య దగ్గర ఉంది. మడత విప్పి, ఎండ వెలుతురులో ఆ ఒక్క పంక్తి దగ్గరగా ఫొటో తీసి పంపమన్నాను. అప్పటిదాకా [?] అలాగే ఉంచుతాను.