ఆరో వారం గర్భం: థైరాయిడ్ మోతాదు పెంచడానికి మూడు వారాలు ఆగవచ్చా?

నాలుగేళ్లుగా రోజూ 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్ వేసుకుంటున్నాను. గర్భానికి ముందు టీఎస్‌హెచ్ 2.1 ఉండేది. నిన్న చేయిస్తే 4.8 వచ్చింది. డాక్టరు గారి అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాతే. రిసెప్షన్‌లో అడిగితే "అప్పటిదాకా పాత మోతాదే వేసుకోండి" అన్నారు. నాకు మనసొప్పడం లేదు. తొలి మూడు నెలలు బిడ్డకు ఈ హార్మోను దాదాపుగా తల్లి నుంచే అందాలి కదా!

గర్భం తెలియగానే వారానికి ఏడు మాత్రల బదులు తొమ్మిది వేసుకోమంటారని, టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండాలంటారని చదివాను. మీలో ఎవరికైనా డాక్టరు ఫోనులోనే ఇలా పెంచారా? పెంచాక నాలుగు వారాలకే మళ్లీ పరీక్ష చేశారా? సగం గర్భం వరకూ నెలనెలా చేయించారా? ఈరోజే ఫోను చేసి డాక్టరుతోనే మాట్లాడతానని పట్టుబట్టాలనుకుంటున్నాను. ఏమని అడిగితే పని జరుగుతుంది?